సీన్ పేపర్ మీద ఏది ఎక్కడ

స్క్రీన్‌ప్లే పేజీలో ప్రధానంగా నాలుగు రకాల వరుసలు కనబడతాయి. సీన్ ఎక్కడ, ఏ వేళప్పుడు జరుగుతుందో చెప్పేది సీన్ హెడింగ్. తెరమీద కనబడేదీ వినబడేదీ చెప్పేది యాక్షన్. మాట ఎవరిదో చెప్పేది పాత్ర పేరు. దాని కిందే ఆ మాట ఉంటుంది. ఒక సీన్‌లోంచి ఇంకో సీన్‌లోకి ఎలా మారాలో చెప్పేది ట్రాన్సిషన్. ఈ నాలుగింటికీ పేజీలో వేర్వేరు చోట్లు ఉన్నాయి, ఎందుకంటే వాటికోసం వెతికేవాళ్లు వేరు. షెడ్యూల్ వేసే అసిస్టెంట్ డైరెక్టర్ పేజీలు తిప్పుతూ హెడింగులు మాత్రమే చూసుకుంటాడు. కెమెరామన్‌కీ ఆర్ట్ డైరెక్టర్‌కీ యాక్షన్ కావాలి. నటులు తమ పేరు ఎక్కడుందో చూసుకుని దాని కింది మాట చదువుకుంటారు. ట్రాన్సిషన్ చివరికి ఎడిటర్ బల్ల మీదికి చేరుతుంది. ఎవరికి కావలసింది వాళ్లకి ఒక్క చూపులో దొరకాలన్నదే ఫార్మాట్ వెనకున్న లెక్క.

మన సినిమాల్లో చాలాకాలంగా నడిచిన పద్ధతి ఒకటుంది. కాగితాన్ని నిలువునా రెండు భాగాలు చేసి, ఎడమవైపు దృశ్యం, కుడివైపు మాటలు రాయడం. కథ, స్క్రీన్‌ప్లే ఒకరు, మాటలు ఇంకొకరు రాసే అలవాటుకి అది బాగా నప్పుతుంది. ఇప్పుడు కొత్తవాళ్లు ఎక్కువగా నేర్చుకుంటున్నది, సాఫ్ట్‌వేర్లలో ముందే అమర్చి ఉన్నది మాత్రం హాలీవుడ్ పద్ధతి. టైప్‌రైటర్ రోజుల్లో స్థిరపడిన కొలతలే అందులో ఇప్పటికీ ఉన్నాయి. అక్షరం కొరియర్, సైజు 12. అంగుళానికి సరిగ్గా పది అక్షరాలు పడతాయి. ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం. పేజీలు కుట్టేటప్పుడు అర అంగుళం పోతుంది కనుక. మిగతా మూడు వైపులా సుమారు ఒక అంగుళం. హెడింగూ యాక్షనూ ఎడమ మార్జిన్ నుంచే మొదలవుతాయి. మాట కాగితం అంచు నుంచి రెండున్నర అంగుళాల దగ్గర మొదలై మూడున్నర అంగుళాల వెడల్పులో ఇమిడిపోతుంది. పాత్ర పేరు 3.7 అంగుళాల దగ్గర ఉంటుంది. ట్రాన్సిషన్ కుడి అంచుకి చేరుతుంది. పేజీ నంబరు కుడివైపు పైన వేస్తారు, మొదటి పేజీకి వేయరు.

ఈ అంకెలు బట్టీ పట్టనక్కర్లేదు, సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. సాఫ్ట్‌వేర్ చూసుకోలేనిది ఏ వరుసలో ఏం రాయాలన్నది. కొత్తగా రాసేవాళ్ల చేతిలో సీన్ సాధారణంగా ఇలా వస్తుంది:

వెంకటరమణ ఇరవై ఏళ్లుగా టైలరు. భార్య పోయాక కూతురు సుజాతే అతని లోకం. రాత్రి షాపు కట్టేసే వేళకి సుజాత వచ్చి తనకి హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చిందని చెప్పింది. వెంకటరమణకి లోలోపల దిగులుగా ఉన్నా బయటపడకుండా సంతోషం నటించాడు. సోమవారం తెల్లవారుజామున ఆమెని బస్సెక్కించాడు.

కథగా ఇందులో లోపమేమీ లేదు. షూటింగ్‌కి మాత్రం ఇది పనికిరాదు. ఇరవై ఏళ్లన్నది కెమెరాకి కనబడదు. భార్య పోయిన సంగతి ప్రేక్షకుడికి ఎవరు చెబుతారో తెలియదు. దిగులు లోలోపలే ఉంటే నటుడు ఏం చెయ్యాలో తెలియదు. పైగా ఇందులో రెండు సీన్లు ఒకే పేరాలో ఇరుక్కున్నాయి. అదే కథని ఫార్మాట్‌లోకి దించితే ఇలా ఉంటుంది:

```
INT. వెంకటరమణ టైలర్ షాపు - రాత్రి

ఇరుకు గది. గోడకి దండ వేసిన ఒక
స్త్రీ ఫొటో. కుట్టుమిషన్ మీద ఒకటే బల్బు.

వెంకటరమణ (55) మెడలో టేపుతో మిషన్
తొక్కుతున్నాడు. గుమ్మంలో సుజాత (22),
చేతిలో కవరు.

                సుజాత
        ఆర్డరొచ్చింది నాన్నా.

మిషన్ ఆగదు.

                వెంకటరమణ
        ఏ ఊరు?

                సుజాత
        హైదరాబాదు. సోమవారం చేరాలంట.

దారం తెగుతుంది. మిషన్ ఆగుతుంది.
వెంకటరమణ సూదిలోకి దారం ఎక్కించబోతాడు.
ఎక్కదు. మళ్లీ ప్రయత్నిస్తాడు. ఎక్కదు.

                వెంకటరమణ
            (చూపు సూది మీదే)
        మంచిదేగా.

సుజాత దారం అందుకుని ఒక్కసారికే
ఎక్కిస్తుంది.

EXT. ఆర్టీసీ బస్టాండ్ - తెల్లవారుజాము
```

పైనుంచి మొదలుపెడితే, సీన్ హెడింగ్‌లో మూడు ముక్కలుంటాయి. లోపలైతే `INT.`, బయటైతే `EXT.` అని ముందు వస్తుంది. తర్వాత చోటు పేరు. చివర చిన్న గీత పెట్టి వేళ. వేళ అంటే గడియారం టైము కాదు. రాత్రి 9:40 అని హెడింగ్‌లో రాస్తే ప్రేక్షకుడికి అది ఎలాగూ తెలియదు. లైటింగ్ చేసేవాళ్లకి కావలసింది పగలా, రాత్రా అన్నదే. తెల్లవారుజాము, సాయంత్రం లాంటివి కథకి నిజంగా అవసరమైతేనే రాయాలి, ఎందుకంటే ఆ వెలుతురు రోజులో కాసేపే ఉంటుంది. ఊరికే అందంగా ఉంటుందని నాలుగు సీన్లకి సంధ్యవేళ అని రాసిన రచయిత, నాలుగు సాయంత్రాలు యూనిట్ మొత్తాన్ని వెలుతురు కోసం పరుగెత్తించినట్టే.

చోటు మారినా, వేళ మారినా కొత్త హెడింగ్ పడాలి. సుజాత షాపులోంచి వీధిలోకి నడిచి వెళ్తే అది రెండో సీన్. ప్రేక్షకుడికి అది ఒకటే నడక కావచ్చు. కానీ షాపు సెట్‌లో, వీధి అసలు ఊళ్లో, రెండు వేర్వేరు రోజుల్లో తీసే వీలుంది కాబట్టి కాగితం మీద రెండూ విడివిడిగా ఉండాలి. నడుస్తున్న కారులో మాటలైతే, కెమెరా లోపలికీ బయటికీ మారుతుంటుంది గనుక `INT./EXT.` అని రాస్తారు.

హెడింగుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు చోటు పేరు మార్చేయడం. ఒకచోట వెంకటరమణ టైలర్ షాపు, ఇంకోచోట టైలర్ షాపు, మరోచోట నాన్న కొట్టు. చదివే మనిషికి మూడూ ఒకటేనని అర్థమవుతుంది. హెడింగుల నుంచి లొకేషన్ల జాబితా తీసే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం అవి మూడు చోట్లు. ఆ జాబితా పట్టుకుని షెడ్యూల్ వేస్తే ఒకే షాపులో ఒకే రోజున అయిపోవలసిన సీన్లు మూడు చోట్ల చెదిరిపోతాయి. అసిస్టెంట్ డైరెక్టర్లు ఒక్కో సీన్ నిడివిని పేజీలో ఎనిమిదో వంతుల్లో కొలుస్తారు. మూడు ఎనిమిదో వంతుల సీన్, ఒకటింబావు పేజీ సీన్ అని లెక్కకట్టి, రోజుకి ఎంత తియ్యగలరో చూసుకుంటారు. ఆ లెక్కకి మొదటి గుర్తు హెడింగే.

సీన్ నంబర్ల సంగతి కూడా ఇక్కడిదే. ఇంకా ఎవరికీ చూపించని, మార్పులు జరుగుతున్న ప్రతికి నంబర్లు లేకపోయినా నష్టం లేదు. షూటింగ్ స్క్రిప్ట్ అయ్యాక నంబర్లు పడతాయి, పడ్డాక ఇక మారవు. పన్నెండో సీన్ తర్వాత కొత్తది చేరిస్తే అది 12A అవుతుందే తప్ప పదమూడు కాదు. ఒక సీన్ తీసేస్తే ఆ నంబరు ఖాళీగా మిగులుతుంది, తర్వాతి సీన్లు ముందుకి జరగవు. అప్పటికే కాల్‌షీట్లు, కాస్ట్యూమ్ జాబితాలు ఆ నంబర్ల మీదే తయారై ఉంటాయి కాబట్టి.

యాక్షన్ దగ్గర నియమం ఒక్కటే గానీ పాటించడం కష్టం: కనబడేది, వినబడేది మాత్రమే రాయాలి. పై సీన్‌లో భార్య పోయిందని ఎక్కడా లేదు. దండ వేసిన ఫొటో ఉంది. దిగులు పడ్డాడని లేదు, దారం ఎక్కలేదు. రోజంతా చేసే పనే ఆ నిమిషంలో చేతకాలేదంటే ప్రేక్షకుడికి సంగతి అర్థమవుతుంది, నటుడికి చేతుల్లో పని దొరుకుతుంది. ఒక వాక్యం యాక్షన్‌లో ఉండచ్చా లేదా అన్న అనుమానం వస్తే, దాన్ని ఫొటో తీసి చూపించగలమా, రికార్డ్ చేసి వినిపించగలమా అని అడిగి చూడాలి. ‘సుజాతకి చిన్నప్పటి నుంచి ఊరు వదిలి వెళ్లాలని కోరిక’ అన్నది ఆ పరీక్షలో నిలవదు. ‘ఆమె సంచి అప్పటికే సర్ది గుమ్మం పక్కన ఉంది’ అన్నది నిలుస్తుంది.

క్రియల విషయంలో తెలుగుకి సంబంధించిన మెలిక ఒకటుంది. ‘వచ్చాడు, చూశాడు, వెళ్లిపోయాడు’ అని రాస్తే జరిగిపోయిన కథ చెబుతున్నట్టు ఉంటుంది. స్క్రిప్ట్‌లో ‘వస్తాడు, చూస్తాడు, వెళ్లిపోతాడు’ అనే రాస్తారు. సీన్ తెరుచుకునేసరికే నడుస్తున్న పనికి ‘తొక్కుతున్నాడు’ లాంటి రూపం సరిపోతుంది. ఈ రెండూ కలిస్తే కళ్లముందు జరుగుతున్నట్టు ఉంటుంది. మధ్యలో ఒక్క ‘చెప్పాడు’ దొర్లినా చదివేవాళ్లు సీన్‌లోంచి బయటపడతారు.

యాక్షన్ పేరా మూడు నాలుగు వరుసలు దాటకుండా చూసుకోవాలి. చూపు మారే చోట పేరా విరిస్తే, షాట్ మారిందని చెప్పకుండానే తెలుస్తుంది. పైన ‘మిషన్ ఆగదు’ అన్నది ఒంటరిగా ఒక వరుసలో ఉంది. దాన్ని పై పేరాలో కలిపేస్తే ఎవరి దృష్టికీ రాదు. విడిగా ఉంది కాబట్టి దర్శకుడు అక్కడ ఒక్క క్షణం ఆగుతాడు. క్లోజప్, ట్రాలీ, జూమ్ అని కెమెరామన్‌కి రచయిత పాఠాలు చెప్పడం కంటే ఈ పద్ధతి మర్యాదగా ఉంటుంది, పని కూడా బాగా చేస్తుంది. పాత్ర మొదటిసారి కనబడినప్పుడు పేరు పక్కన బ్రాకెట్‌లో వయసు రాస్తారు. ఇంగ్లిష్‌లో ఆ ఒక్కసారికి పేరంతా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. యాక్షన్‌లో తర్వాత వచ్చేటప్పుడు మామూలుగానే.

పాత్ర పేరు విషయంలో కావలసింది మొండితనం. మొదటి పేజీలో వెంకటరమణ అయితే చివరి పేజీదాకా వెంకటరమణే. సుజాత అతన్ని నాన్న అంటుంది గనుక ఆమె సీన్లలో ‘నాన్న’ అని, పక్క కొట్టువాడు పిలిచేచోట ‘రమణ’ అని పేరు వరుసలో రాస్తే, ఒక నటుడి మాటలు మూడు పాత్రలకి పంచినట్టవుతుంది. మాటలో ఏమని పిలిచినా ఫర్వాలేదు, మాట పైనున్న పేరు మాత్రం మారకూడదు. పేరు లేని చిన్న పాత్రలకి పనే పేరు: కండక్టర్, టీ కుర్రాడు. అలాంటివాళ్లు ఇద్దరుంటే ఒకటి, రెండు అని నంబర్లు వేసేకంటే ‘గొడుగు కండక్టర్’, ‘ముసలి కండక్టర్’ అంటే చదివేవాళ్లకి మనిషి గుర్తుంటాడు.

మాట్లాడే మనిషి తెరమీద లేనప్పుడు పేరు పక్కన గుర్తు పెట్టాలి. ఇక్కడ రెండు గుర్తులు తరచూ కలగాపులగం అవుతుంటాయి. మనిషి ఆ చోటే ఉండి ఫ్రేములో లేకపోతే `(O.S.)`. సుజాత ఇంకా షాపు బయటే ఉండి ‘నాన్నా’ అని కేక వేస్తే ఆ గుర్తు. మనిషి ఆ చోట లేకుండా గొంతు మాత్రమే వినబడితే `(V.O.)`. ఫోన్‌లో అవతలి గొంతు, కథ చెప్పే గొంతు, ఉత్తరం చదివే గొంతు ఈ కోవలోకి వస్తాయి. తేడా చిన్నదిగా కనబడినా దాని మీద డబ్బు ఆధారపడి ఉంది. మొదటి రకంలో నటి ఆ రోజు లొకేషన్‌కి రావలసి రావచ్చు. రెండో రకాన్ని తర్వాత డబ్బింగ్ థియేటర్‌లో రికార్డ్ చేసుకోవచ్చు.

పేరుకీ మాటకీ మధ్య బ్రాకెట్‌లో వచ్చే చిన్న సూచనని పొదుపుగా వాడాలి. కోపంగా, బాధగా, ఆశ్చర్యంగా అని ప్రతి మాటకీ తగిలిస్తే నటులు వాటిని చదవడం మానేస్తారు. మాట అర్థం ఆ సూచన లేకుండా తిరగబడుతుందంటేనే అది ఉండాలి. ‘మంచిదేగా’ అన్న మాటకి సూచన లేకపోతే నటుడు కూతురి వైపు తిరిగి నవ్వుతూ అనచ్చు, సీన్ పోతుంది. అందుకే అక్కడ చూపు సూది మీదే ఉందని రాయవలసి వచ్చింది. అది కూడా భావం పేరు చెప్పలేదు, కళ్లు ఎక్కడుండాలో చెప్పింది. మాట పేజీ అడుగున సగంలో తెగితే కింద `(MORE)` అని, తర్వాతి పేజీలో పేరు పక్కన `(CONT'D)` అని వస్తాయి. ఇవి సాఫ్ట్‌వేర్ తనంతట తాను వేసేవి.

ఇక ట్రాన్సిషన్లు. మన దగ్గర కథ నోటితో చెప్పే అలవాటు ఎక్కువ. నేరేషన్‌లో ‘కట్ చేస్తే’ అన్న మాట ఊపిరిలా వస్తుంది. అదే అలవాటు కాగితం మీదికి వచ్చి ప్రతి సీన్ కింద `CUT TO:` అని పడుతుంది. అవసరం లేదు. కొత్త హెడింగ్ పడిందంటేనే కట్ జరిగిందని అర్థం. వంద సీన్ల స్క్రిప్ట్‌లో ప్రతి సీన్ కిందా ఆ మాట రాస్తే, దాని ముందూ వెనకా ఖాళీ వరుసలతో కలిపి కొన్ని పేజీలు ఊరికే పోతాయి. పై ఉదాహరణలో షాపుకీ బస్టాండ్‌కీ మధ్య ఏమీ రాయకపోవడానికి కారణం ఇదే.

మార్పు తీరులోనే అర్థం ఉన్నప్పుడు మాత్రం ట్రాన్సిషన్ రాయాలి. దారం ఎక్కాక వెంకటరమణ మళ్లీ మిషన్ తొక్కితే, తిరుగుతున్న మిషన్ చక్రం మీదనుంచి తిరుగుతున్న బస్సు చక్రం మీదికి వెళ్లచ్చు. అప్పుడు `MATCH CUT TO:` అని రాయాలి. రాయకపోతే ఆ రెండు చక్రాలూ ఒకే సైజులో, ఒకే వైపు తిరిగేలా తియ్యాలని షూటింగ్‌లో ఎవరికీ తట్టదు. స్టాన్లీ కుబ్రిక్ 1968లో తీసిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’లో గాల్లోకి ఎగిరిన ఎముక అంతరిక్ష నౌకగా మారేది ఇలాంటి కట్‌తోనే. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా రణగొణలోకి దూకాలంటే `SMASH CUT TO:`. ఒక బొమ్మ కరిగి ఇంకో బొమ్మ తేలాలంటే `DISSOLVE TO:`. కాలం గడిచిందని చెప్పడానికి ఎక్కువగా వాడతారు. ఇవన్నీ కుడి అంచున ఉంటాయి. స్క్రిప్ట్ మొదట్లో వచ్చే `FADE IN:` ఒక్కటీ ఎడమవైపు, చివర వచ్చే `FADE OUT.` కుడివైపు.

ఈ ఫార్మాట్ అంతా ఇంగ్లిష్ లిపి కోసం పుట్టింది కాబట్టి తెలుగులో రాసేవాళ్లకి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది పెద్ద అక్షరాలు. ఇంగ్లిష్‌లో హెడింగ్, పాత్ర పేరు, ట్రాన్సిషన్ మూడూ పెద్ద అక్షరాల్లో ఉంటాయి. తెలుగు లిపిలో ఆ తేడాయే లేదు. కాగితం మీద దీనికి విరుగుడు సులువు: హెడింగ్‌ని బోల్డ్ చేస్తే చాలు, పేరుకీ ట్రాన్సిషన్‌కీ వాటి స్థానమే గుర్తు. ఫౌంటెన్ అనే పద్ధతిలో రాసేటప్పుడే జాగ్రత్త పడాలి. అందులో మామూలు నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసినదాన్ని ప్రోగ్రామ్ చదివి ఏ వరుస ఏమిటో గుర్తించి ఫార్మాట్ చేస్తుంది. పెద్ద అక్షరాల వరుసని చూసి పాత్ర పేరు అనుకోవడం దాని తీరు. తెలుగు వరుసని చూసి కొన్ని ప్రోగ్రాములు పేరుని యాక్షన్‌గా తీసుకోవచ్చు, కొన్ని యాక్షన్‌ని పేరుగా తీసుకోవచ్చు. అందుకని గుర్తులు మనమే పెట్టాలి:

```
INT. వెంకటరమణ టైలర్ షాపు - రాత్రి

!దారం తెగుతుంది. మిషన్ ఆగుతుంది.

@వెంకటరమణ
(చూపు సూది మీదే)
మంచిదేగా.

> మ్యాచ్ కట్:

EXT. ఆర్టీసీ బస్టాండ్ - తెల్లవారుజాము
```

`@` పెట్టిన వరుస పాత్ర పేరు, `!` పెట్టినది యాక్షన్, `>` పెట్టినది ట్రాన్సిషన్. హెడింగ్ ముందు `INT.` లేదా `EXT.` ఉంటే వేరే గుర్తు అక్కర్లేదు. వాటిని కూడా తెలుగులోనే రాయదలిస్తే వరుస ముందు ఒక చుక్క పెట్టాలి. పేరుకి పైన ఒక ఖాళీ వరుస ఉండాలి, పేరుకీ మాటకీ మధ్య మాత్రం ఉండకూడదు. మాట తన చోటికి జరగకుండా ఎడమ అంచునే మిగిలిపోయిందంటే చాలాసార్లు కారణం ఈ ఖాళీ వరుసే.

రెండో చిక్కు నిడివి. ఒక పేజీ సుమారు ఒక నిమిషం అన్న లెక్క కొరియర్ అక్షరం, అమెరికా లెటర్ సైజు కాగితం మీద కట్టినది. కొరియర్‌లో తెలుగు అక్షరాలు లేవు. తెలుగు ఫాంట్లలో ఒక్కో అక్షరం వెడల్పు ఒక్కోలా ఉంటుంది, వత్తులూ గుడులూ ఇమడాలంటే వరుసల మధ్య ఎడం ఎక్కువ కావాలి. మన దగ్గర వాడే ఏ4 కాగితం లెటర్ కంటే కాస్త పొడవు. కాబట్టి తొంభై పేజీల తెలుగు స్క్రిప్ట్ గంటన్నర సినిమా అవుతుందని చెప్పలేం. దీనికి మార్గం ఒకటే. ఫాంటూ సైజూ వరుసల ఎడమూ ఒకసారి ఖాయం చేసుకుని, మాటలు ఎక్కువున్నవీ పని ఎక్కువున్నవీ కలిపి పది పేజీలు ఎంచుకోవాలి. మాటలు పైకి చదువుతూ, యాక్షన్ జరిగేంతసేపు ఆగుతూ స్టాప్‌వాచ్‌తో కొలవాలి. పది పేజీలకి పన్నెండు నిమిషాలు పట్టిందనుకుంటే తొంభై పేజీలు సుమారు గంటా నలభై ఎనిమిది నిమిషాలు. ఫాంటు మార్చితే కొలత మళ్లీ మొదటినుంచి తీసుకోవాలి.